మేక, మేకు: రెండిట్లో ఉన్న ‘ఏ’ ఒకటేనా?

హారిక_బైరాగిపట్టెడ
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్నాను. తెలుగులో అచ్చులు ఎన్నో మినిమల్ పెయిర్స్ పెట్టి తేల్చమని మాకొక అసైన్‌మెంట్ ఇచ్చారు. కల–కాల, పుట–పూట లాంటివి తేలిగ్గానే దొరికాయి. గొడవంతా ‘ఏ’ దగ్గరే వచ్చింది.

‘మేక’ అని ఒకసారి పైకి అనండి, వెంటనే ‘మేకు’ అనండి. మేకలో నోరు బాగా తెరుచుకుంటుంది, మేకులో అంత తెరుచుకోదు. మా రూమ్మేట్ ఏమంటుందంటే, రెండు మాటలకూ అర్థాలు వేరు, రెండిట్లో ఏ పలికే తీరూ వేరు, కాబట్టి తెలుగులో ‘ఏ’లు రెండున్నాయని రాసెయ్యమంటుంది. నాకెందుకో అది అంత సులువుగా ఒప్పబుద్ధి కావడం లేదు. ఎక్కడ తేడా కొడుతోందో మాత్రం చెప్పలేకపోతున్నాను.

రమణయ్య_పండిట్ (రిటైర్డ్)
అమ్మా, ఇంత చిన్న విషయానికి హాస్టల్లో గొడవలెందుకు? వర్ణమాల తెరువు. ఎ, ఏ, ఐ అని వరసగా ఉంటాయి. ఏ ఒక్కటే, రెండో ఏ లేదు. మన లిపి ఇంగ్లీషు లాంటిది కాదు, పలికినట్టే రాస్తాం, రాసినట్టే పలుకుతాం. అక్షరం వేరైతే ధ్వని వేరు, అక్షరం ఒకటైతే ధ్వని ఒకటి. ల–ళ చూడు, కల వేరు, కళ వేరు. పూర్వులు ఆలోచించే పెట్టారు.

కుప్పం_ధ్వని
హారిక గారూ, మీ అనుమానం సరైన చోటే ఉంది. మినిమల్ పెయిర్ అనాలంటే రెండు మాటల మధ్య తేడా ఒకే ఒక్క చోట ఉండాలి. మేక, మేకు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి అచ్చు తేడాగా వినిపిస్తోందన్నారు, సరే. మరి చివరి అచ్చు? ఒకదాంట్లో అ, ఇంకోదాంట్లో ఉ. తేడా రెండు చోట్ల ఉన్నట్టు. అర్థాన్ని మారుస్తున్నది ఏ చోటిదో ఈ జంటను చూసి చెప్పలేం. చివర అ, ఉ ఎలాగూ అర్థాలు మార్చేవే కదా.

ఇలాంటి చోట ముందు పక్కింటివాడిని అనుమానించాలి. ఏ తర్వాత వచ్చే అక్షరంలోని అచ్చు ఏదో చూసి మాటలు రెండు కుప్పలు పొయ్యండి. మేక, మేడ, నేల, వేప, చేప, పేట, పేడ ఒక కుప్ప. మేకు, తేలు, పేరు, వేడి, రేపు, నేడు ఇంకో కుప్ప. పైకి చదువుకోండి. మొదటి కుప్పలో నోరు తెరుచుకుంటుంది, రెండో కుప్పలో తెరుచుకోదు. మొదటిదాంట్లో తర్వాత వచ్చేది అ, రెండోదాంట్లో ఇ గానీ ఉ గానీ. అంటే ఆ తేడా ఏ సొంతంగా తెచ్చుకున్నది కాదు, తర్వాతి అచ్చు రుద్దినది.

హారిక_బైరాగిపట్టెడ
కుప్పలు పోసి చూశాను, అలాగే పడుతున్నాయి. కానీ మా రూమ్మేట్ ఊరుకోవడం లేదు. “కుప్పలు నువ్వు ఏరినవే కదా, నీకు సరిపోయే మాటలు ఏరుకున్నావు” అంటోంది.

కుప్పం_ధ్వని
మంచి ప్రశ్న వేసింది. అయితే మాటలు ఏరకుండా ఒకే మాటను తీసుకోండి. క్రియల్లో ఈ సదుపాయం ఉంది, ధాతువు అదే ఉంటుంది, వెనక తగిలించేది మారుతుంది. వంటింట్లో ఉల్లిపాయలు వేయిస్తున్నారనుకోండి. “వేగింది” అనండి. ఇప్పుడు “ఇంకా వేగలేదు” అనండి. వే– ఒకటే, అర్థమూ ఒకటే, అయినా వేగిందిలో ఏ బిగుతుగా ఉంది, వేగలేదులో తెరుచుకుంది. తేలింది–తేలలేదు అన్నా అంతే. ఒకే ధాతువు అవసరాన్ని బట్టి రెండు రకాలూ పలుకుతోందంటే, ఆ రెండూ ఒకదాని రూపాలే.

ఇంకో పరీక్ష ఉంది. భాషలో లేని మాటలు పుట్టించి, ఈ గొడవేమీ తెలియని మనిషి చేత చదివించండి. ‘జేప’, ‘జేపు’ అని రాసివ్వండి. ఎవరూ నేర్పకుండానే మొదటిది తెరిచి, రెండోది బిగించి చదువుతారు. నియమం మనిషి నోట్లో ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

చంద్రగిరి_సూరి
మా ఇంట్లో ఇప్పుడే చేయించాను. మా నాయన జేప అంటే ఏ చేపరా అన్నాడు. నోరు మాత్రం తెరిచినాడబ్బా.

బుజ్జిగాడి_అమ్మ
నమస్తే అండి. మినిమల్ పెయిర్స్ అని కనిపిస్తే వచ్చాను. మా బాబుకి నాలుగేళ్ళు. ‘క’ పలకడు, అన్నీ ‘త’ అంటాడు. కోటని తోట అంటాడు, కాళ్ళని తాళ్ళు అంటాడు. స్పీచ్ థెరపీ అమ్మాయి కల–తల, కోట–తోట అని బొమ్మల జంటలిచ్చి ఇంట్లో చేయించమంది. నేను “కోట అను, కోట అను” అని రోజూ చెప్పిస్తున్నాను, వాడు తోట అనే అంటాడు. వాడికి రెండూ ఒకేలా వినిపిస్తున్నాయా? టెన్షన్‌గా ఉంది.

కుప్పం_ధ్వని
అమ్మా, మీ ప్రశ్న వేరే దారిది. ఆ జంటల సూత్రం మాత్రం ఒకటే. వినిపించడం, పలకడం విడివిడిగా చూడాలి. ముందు మీరు అనండి, వాడు బొమ్మ చూపించాలి. “కోట ఏది?” అంటే కోటనే చూపిస్తున్నాడంటే చెవి బాగానే ఉంది, నాలుక వెనక్కి పోవడం లేదంతే. ఎక్కువమంది పిల్లల్లో కనిపించేది అదే.

తర్వాత తిరగెయ్యండి. వాడు అడగాలి, మీరు ఇవ్వాలి. వాడు “తోట” అంటే మనసులో కోట అనుకుంటున్నాడని మీకు తెలిసినా సరే, తోట బొమ్మే చేతిలో పెట్టండి. తనకు కావలసింది రాలేదని వాడికి తెలియాలి. ఆ జంటలు ఇచ్చింది అందుకే. “అను, అను” అని వల్లె వేయిస్తే ఆ పని జరగదు. ఎంతసేపు చేయించాలో, ఎప్పుడు ఆపాలో ఆ అమ్మాయినే అడగండి.

బుజ్జిగాడి_అమ్మ
బొమ్మ సరిగ్గానే చూపిస్తాడండి! రెండోది ఈ రాత్రే మొదలుపెడతాను.

గోదారి_కోడలు
మాది అమలాపురం. పెళ్ళయి తిరుపతి వచ్చాను. ఇక్కడ ఒకటి అడగాలి. మేక–మేకు సంగతి ఒప్పుకుంటాను. కానీ మా వైపు “ఆయన వచ్చాడు” అన్నప్పుడు చ్చా దగ్గర మేకలో ఉన్న ఏ లాంటిదే వస్తుంది, ఆ కాదు. తర్వాత ఉన్నది ‘డు’, అందులో ఉ. మీ నియమం ప్రకారం ఉ ముందు నోరు బిగుసుకోవాలి కదా? మాకు తెరుచుకునే ఉంటుంది.

పైగా మేం “వచ్చే ఏడు”ని కూడా కలిపేసి “వచ్చేడు పెళ్ళి చేద్దాం” అంటాం. ఆ వచ్చేడు, ఈ వచ్చాడు మా ఇంట్లో ఎవరూ కలగలపరు. రాతలో ఏ, ఆ అని తేడా ఉన్నా, నోట్లో మాత్రం ఏ, ఇంకా తెరిచిన ఏ.

చంద్రగిరి_సూరి
మాకా బాధే లేదు. మేం వచ్చినాడు అంటాం, చేసినాడు అంటాం. అక్షరాలన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి.

కుప్పం_ధ్వని
సూరి నవ్వుతూ అన్నాడు గానీ అసలు విషయం అక్కడే ఉంది. “వచ్చినాడు”లో ‘ఇనా’ ఉంది. కోస్తాలో మధ్యలో ‘న’ జారిపోయి ఇ, ఆ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఆ రాపిడిలో ఈ తెరిచిన అచ్చు పుట్టింది. తర్వాత ఉ ఉన్నా ఇ ఉన్నా దానికి పట్టింపు లేదు, ఎందుకంటే అది ఏ నుంచి వచ్చింది కాదు. కోడలుగారు చెప్పిన ఆ నోట్లో ఇప్పుడది పక్క అచ్చు మీద ఆధారపడని సొంత ధ్వని.

మన చిత్తూరు, చంద్రగిరి, పీలేరు మాటలో ‘న’ జారలేదు. అందుకని ఆ రాపిడీ లేదు, ఆ అచ్చు క్రియల్లోకి రాలేదు. ఒకే ‘తెలుగు’లో ఒక ఊరి అచ్చుల లెక్కా ఇంకో ఊరి లెక్కా ఒకటి కాకపోవచ్చు. హారిక గారూ, మీ అసైన్‌మెంట్లో “తెలుగులో ఇన్ని అచ్చులు” అని రాసే ముందు ఎవరి తెలుగో రాయండి.

రమణయ్య_పండిట్ (రిటైర్డ్)
వచ్చేడు అన్నది ఒక మాట కాదు, రెండు మాటల సంధి. వచ్చే, ఏడు. రెండు మాటలు కలిపినదాన్ని ఒక మాటతో తూచడం ఏం న్యాయం? పైగా విశాఖ, శ్రీకాకుళం వైపు “వాడు వచ్చేడు” అంటే వచ్చాడనే అర్థం. వాళ్ళు ఏ తోనే రాస్తారు కూడా. మరి అప్పుడు మీ జంట ఏమైపోయింది?

కుప్పం_ధ్వని
మాస్టారు పట్టుకున్నది సరైన లంకె. రెండు మాటల అతుకు దగ్గర దొరికిన జంటను చాలామంది లెక్కలోకి తీసుకోరు. అతుకు దగ్గర చిన్న విరామం ఉండొచ్చు, తేడా దానివల్ల రావచ్చు. కోడలుగారూ, అతుకు లేని జంట ఏదైనా ఉందా?

గోదారి_కోడలు
“డబ్బులు నేనే ఇచ్చా” అంటాం. “డబ్బులు ఇచ్చే మనిషి” అంటాం. ఇచ్చా, ఇచ్చే. రెండూ ఒక్కొక్క మాటే. ఇచ్చాలో నోరు తెరుచుకుంటుంది, ఇచ్చేలో తెరుచుకోదు. తెచ్చా–తెచ్చే, వచ్చా–వచ్చే అన్నీ ఇంతే.

కుప్పం_ధ్వని
బాగుంది. ‘ఏ’ నుంచి వేరు అని తేలింది. పని సగమే అయింది. కొత్త ధ్వని అనుకున్నదాన్ని దగ్గరి పోలిక ఉన్న ప్రతి ధ్వని నుంచీ విడదీయాలి. ఇక్కడ ఇంకో వైపు ఆ ఉంది. “అది ఆ నే, చ్చ పక్కన ఉండబట్టి అలా వినిపిస్తోంది” అని ఎవరైనా అంటే ఏం చెబుతాం? చ్చ తర్వాత మామూలు ఆ వచ్చే మాట కావాలి. “అది మచ్చా?” అని అడిగితే మామూలు ఆ వస్తుంది. మచ్చా, వచ్చా వినండి. మొదటి హల్లు మ, వ తేడా ఉంది కాబట్టి నిక్కచ్చి జంట కాదు. కానీ చ్చ పక్కన రెండు రకాల అచ్చులూ రాగలవని, తప్పు చ్చ మీద నెట్టలేమని తెలుస్తుంది. అచ్చమైన జంట దొరకనప్పుడు ఇలాంటి దగ్గరి జంటతోనే పని కానిస్తారు.

నగరి_సెల్వం
నాకు హార్డ్‌వేర్ షాపు. ఇంట్లో తమిళం, షాపులో తెలుగు. మీరంతా క్రియలంటున్నారు, నేను సామాను గురించి చెబుతా. మా దగ్గర రేకులూ ఉన్నాయి, ర్యాకులూ ఉన్నాయి. ఒకరు ఫోన్లో రెండు ర్యాకులు పంపమంటే మా కుర్రాడు రెండు రేకులు ఆటోకి ఎక్కించాడు. వాడికి చెవి లేదా, ఫోన్‌కి లేదా తెలియదు. ఇది మీరు చెప్పే జంట అవుతుందా? ఇది మటుకు కోస్తా మాట కాదు, నగరిలో అందరూ అంటారు.

కుప్పం_ధ్వని
సెల్వం గారూ, ఈ చర్చలో ఇంతవరకూ వచ్చినవాటిలో మంచి సరుకు మీదే! రేకు, ర్యాకు. ముందు ర, తర్వాత కు. మధ్యలో అచ్చు ఒక్కటే తేడా. తర్వాత రెండిట్లోనూ ఉ ఉంది కాబట్టి పక్కింటి మీద నెట్టడానికి లేదు. దీనికి మూడోది కూడా తగిలించండి: రాకు. “నా వెంట రాకు” అంటామే, అది. రేకు, ర్యాకు, రాకు మూడు వేర్వేరు మాటలు. ఏ నుంచీ వేరు, ఆ నుంచీ వేరు, ఒకేసారి తేలిపోయింది. టేపు, ట్యాపు, టాపు కూడా ఇలాంటివే. అతికించే టేపు, నీళ్ళ ట్యాపు, బస్సు టాపు.

రమణయ్య_పండిట్ (రిటైర్డ్)
అవన్నీ ఇంగ్లీషు మాటలు. ఇంగ్లీషు మాటలు తెచ్చి తెలుగుకు కొత్త అచ్చు అంటగడతారా?

కుప్పం_ధ్వని
రేకూ రాకూ తెలుగువే కదండీ, బయటిది ర్యాకు ఒక్కటే. ఆ ర్యాకు కూడా ఇంగ్లీషు రాని మనిషి రోజూ అనే మాట అయిపోయింది. బయటి మాటలు తీసెయ్యాలంటే ఖ, ఘ, భ లాంటి వత్తులూ చాలావరకు సంస్కృతంతో వచ్చినవే, వాటినీ తీసెయ్యాలి.

రమణయ్య_పండిట్ (రిటైర్డ్)
సంస్కృతానికీ దీనికీ పోలికా! సరే, అది పక్కన పెట్టండి. నాది అసలైన అభ్యంతరం ఇది. ‘ర్యా’ అంటే ర కింద య వత్తు, దాని మీద ఆ. ర్, య్, ఆ. కొత్త అచ్చు ఎక్కడుంది ఇందులో? రాకు, ర్యాకు మధ్య తేడా ఒక యకారం. అంతే.

హారిక_బైరాగిపట్టెడ
నాకు ఇది నిజమేననిపిస్తోంది. రాసేది అలాగే కదా.

కుప్పం_ధ్వని
రాసేది అలాగే, ఎందుకంటే రాయడానికి వేరే అక్షరం లేదు. దగ్గర్లో ఉన్నదానితో సర్దుకున్నాం. నోట్లో ఏముందో చూడాలంటే సాగదీయండి. గోడౌన్ చివర ఉన్న మనిషికి వినబడేట్టు “ర్యా...కు” అని పొడుగ్గా అరవండి. అది య్ తర్వాత ఆ అయితే, య్ క్షణంలో అయిపోయి, సాగేదంతా ‘ఆ’ అవుతుంది. “ర్యా” దాటాక “ఆఆఆ” అని రాకులోలాగే వినిపించాలి. అలా కాకుండా మేకలో ఉన్నలాంటి ధ్వనే చివరిదాకా సాగితే, అది ఒకే అచ్చు.

కంప్యూటర్లో ప్రాట్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీవాళ్ళు చేసినది. అందులో రికార్డింగ్ తెరిస్తే ధ్వనిలో బలంగా మోగే పౌనఃపున్యాలను చూపే ఫార్మంట్ గీతలు కనిపిస్తాయి. యకారం ఉంటే రెండో గీత పైనుంచి కిందికి జారుతూ కనిపిస్తుంది. ఒకే అచ్చయితే మధ్య భాగమంతా ఇంచుమించు బల్లపరుపుగా ఉంటుంది. నోరు ఎంత తెరుచుకుందో మొదటి గీత చెబుతుంది, తెరిచే కొద్దీ అది పైకి పోతుంది. మేక, మేకు కూడా పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

చంద్రగిరి_సూరి
అరిచినాను. నాది మేక. మా నాయనది మాత్రం మాస్టారు చెప్పినట్టే, ర్ తర్వాత య గట్టిగా పడి ఆ సాగుతుంది. ఒకే ఇంట్లో రెండు ఫలితాలు. ఎవరి తెలుగు రాయమంటావమ్మా హారికా?

రమణయ్య_పండిట్ (రిటైర్డ్)
మీ నాన్నగారు సరిగ్గా పలికారు.

కుప్పం_ధ్వని
ఇద్దరూ సరిగ్గానే పలికారు మాస్టారూ. నాన్నగారికి రాకు–ర్యాకు తేడా యకారంలో ఉంది, కొడుక్కి అచ్చులో ఉంది. నాన్నగారి లెక్కలో కొత్త అచ్చు లేదు, కొడుకు లెక్కలో ఉంది. జంట అదే, ఎవరి నోట్లో అన్నదాన్ని బట్టి అది రుజువు చేసేది మారుతోంది.

ఒక సంగతి కూడా. అక్షరం లేకపోతే ధ్వని లేదన్నారు మీరు మొదట్లో. దంత్య చజల మాట మీ పిల్లలకు మీరే చెప్పి ఉంటారు.

రమణయ్య_పండిట్ (రిటైర్డ్)
చెప్పకుండా ఎలా ఉంటాను! చిన్నయసూరి బాలవ్యాకరణంలోనే ఉంది. తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ ముందు చజలు తాలవ్యాలు, మిగతా చోట్ల దంత్యాలు. చిన్నలో చ వేరు, చుక్కలో చ వేరు. అల్లుకునే జడలో జ దంత్యం, ‘జడపదార్థం’లో తాలవ్యం. పిల్లలిప్పుడు రెండూ ఒకేలా చదువుతున్నారు, చెవులు మూసుకోవలసి వస్తోంది.

కుప్పం_ధ్వని
చూశారా, చిన్నయసూరిగారు 1858లోనే పక్క అచ్చును బట్టి కుప్పలు పోశారు! తెలుగు మాటల్లో పక్క అచ్చు నిర్ణయిస్తుంది. సంస్కృతం నుంచి జడ, చారు లాంటివి తాలవ్యంతో వచ్చేసరికి ఆ కట్టు తెగి, తేడా సొంత కాళ్ళ మీద నిలబడింది. మేక–మేకు దారిలోకి ర్యాకు వచ్చి చేసింది అదే పని. అక్కడ సంస్కృతం, ఇక్కడ ఇంగ్లీషు. ఆ రెండు చజలకూ ౘ, ౙ అని గుర్తులున్నా పుస్తకాల్లో దాదాపు వాడం. అంటే అక్షరం ఒకటే అయినా ధ్వనులు రెండు ఉండొచ్చని మీరే ఒప్పుకున్నట్టు.

రమణయ్య_పండిట్ (రిటైర్డ్)
ఒప్పుకున్నట్టు కాదు. ఆ సంగతి వేరు, చిన్నయసూరిగారు చెప్పింది శాస్త్రం. ర్యాకు శాస్త్రం కాదు.

నగరి_సెల్వం
నాదొక డౌటు. చిన్నప్పుడు తెలుగు మీడియంలో వేశారు. గాలి అనమంటే కాలి అనేవాడిని, బాట అంటే పాట. పిల్లలు నవ్వేవాళ్ళు. ఇప్పుడు పలుకుతాను గానీ తొందరలో ఉంటే ఇప్పటికీ జారుతుంది. తమిళంలో మాకు క, గ రెండూ నోట్లో ఉన్నాయి కదా, మగన్ అంటాం. ఉన్న ధ్వనే ఎందుకు రాదు?

కుప్పం_ధ్వని
ఉంది, కానీ ఎక్కడుంది? మీ ‘మగన్’లో గ రెండు అచ్చుల మధ్య ఉంది. ‘కడల్’లో మాట మొదట క ఉంది. అచ్చ తమిళ మాటల్లో మొదట క, మధ్యలో గ, అదీ పద్ధతి. ఒకటి ఉన్న చోటికి ఇంకోటి రాదు, అందుకే లిపిలో రెండిటికీ ఒకే అక్షరం సరిపోయింది. అంటే క, గ మీకు మేకలో ఏ, మేకులో ఏ లాంటివి. తెలుగులో అవి ఒకే చోట నిలబడి అర్థం మారుస్తాయి, కాలి వేరు, గాలి వేరు. మీ నాలుకకు గ వచ్చు, మాట మొదట గ పెట్టి అర్థం మార్చడమే కొత్త. నేను మేకలో ఏను మేకులో పెట్టి పలకబోతే నాకూ అంతే కష్టం.

గోదారి_కోడలు
హారికా, ఒక హెచ్చరిక. కాగితం మీద జంట కనిపించిందని నోట్లో ఉన్నట్టు కాదు. రాణి, రాని ఉన్నాయి. అక్షరాల లెక్కన చక్కటి జంట. మా పెద్దమ్మ రెండూ ‘రాని’ అనే అంటుంది. “రాని బస్సు కోసం ఎదురుచూశాం” అంటే మా ఆయనకు రాణి అనే బస్సు ఏదో ఉందనిపించింది.

కుప్పం_ధ్వని
అందుకే చూసి కాదు, వినిపించి పరీక్ష పెట్టాలి. హారిక గారూ, రేకు–ర్యాకుతో ఇలా చెయ్యండి. అక్షరాలు రాయకండి, బొమ్మలు గీయండి. అక్షరం చూస్తే మనిషి చదువుకున్నవాడిలా పలుకుతాడు, ఇంట్లో పలికినట్టు పలకడు. పలికే మనిషికి బొమ్మలు కలిపి ఇవ్వండి, ఒక్కో బొమ్మకూ “మళ్ళీ రేకు అను”, “మళ్ళీ ర్యాకు అను” అని ఒకే వాక్యంలో పెట్టి చెప్పమనండి. “రేకు తుప్పు పట్టింది” లాంటివి వద్దు, తుప్పును బట్టి రేకని తెలిసిపోతుంది. రికార్డు చేసి వినే మనిషికి వినిపించండి, ఎదురుగా కూర్చోబెడితే పెదాలు చూసి చెప్పేస్తారు.

ఒక్కో మాట పదిసార్లు, మొత్తం ఇరవై, వరస కలిపెయ్యాలి. వినే మనిషి ఏ బొమ్మో చూపించాలి. గుడ్డిగా కొట్టినా పది దాకా కలుస్తాయి. పదిహేను, ఆపైన గుడ్డిగా కలవడం నూటికి రెండుసార్లే. అక్కడికి వచ్చిందంటే తేడా వినిపిస్తున్నట్టు. పన్నెండు, పదమూడు వస్తే ఏమీ తేల్చకండి, ఇంకో మనిషితో చెయ్యండి.

చివరగా, పలికిన మనిషికే తన రికార్డింగ్ వినిపించండి. కొందరు తేడాగా పలుకుతారు, తాము పలికిందే తాము విడదీయలేరు. లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త అమెరికాలో ఇలాంటివాళ్ళను చూపించాడు. అలాంటి మనిషి తగిలితే జంట ఉన్నట్టా లేనట్టా అనేది పండితులకే తెగలేదు.

హారిక_బైరాగిపట్టెడ
బాగా అర్థమైంది. పలికేవాళ్ళుగా మా హాస్టల్లోనే గుంటూరు అమ్మాయి ఒకరు, పుంగనూరు అమ్మాయి ఒకరు ఉన్నారు. సూరిగారి నాన్నగారి లాంటి పెద్దవాళ్ళు కూడా కావాలి. సూరిగారూ, ఆదివారం చంద్రగిరి రావచ్చా?

చంద్రగిరి_సూరి
రండి. మా నాయనకు ముందే చెప్పొద్దు, చెప్తే రేడియోలో మాదిరి మాట్లాడతాడు.

నగరి_సెల్వం
నన్ను కూడా రాసుకోండి. కాలి–గాలి, రేకు–ర్యాకు రెండూ చెయ్యండి. మా కుర్రాడిని కూడా కూర్చోబెడతా. పదిహేను రాకపోతే ఫోన్ ఆర్డర్లు ఇక నేనే తీసుకోవాలి.

రమణయ్య_పండిట్ (రిటైర్డ్)
నేనూ వస్తాను. బొమ్మలు కాదు, అక్షరాలు రాసి ఇంకో వరస కూడా పెట్టమ్మా. రాసినది చూస్తే యకారం తిరిగి వస్తుందో రాదో తేలాలి.

కుప్పం_ధ్వని
పెట్టండి హారిక గారూ, అది నిజంగా చూడవలసిందే. అయితే బొమ్మల వరస ముందు, అక్షరాల వరస తర్వాత. ఒకసారి అక్షరం కంటపడ్డాక బొమ్మల ఫలితం నమ్మలేం.